కంప్యూటర్ ఉన్నట్టుండి హ్యాంగ్ అవుతోందా? తప్పు విండోస్‌దా, వేడిదా, ర్యామ్‌దా, డిస్క్‌దా తేల్చుకోవడం ఇలా

పని చేస్తున్న కంప్యూటర్ ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. క్లిక్ చేస్తే పలకదు. కాసేపటికి దానంతట అదే కదులుతుంది, లేదంటే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపాల్సి వస్తుంది. మళ్లీ ఎప్పుడు ఆగుతుందో తెలియదు. షాపుకి తీసుకెళ్తే అక్కడ బుద్ధిమంతుడిలా పనిచేస్తుంది. చివరికి ఎవరో ఒకరు "విండోస్ మళ్లీ వేద్దాం" అంటారు, దాంతోనూ తగ్గకపోతే "మదర్‌బోర్డ్ పోయింది" అంటారు.

ఈ సమస్యలో చిక్కు ఏంటంటే, హ్యాంగ్ అనే లక్షణం ఒక్కటే, కారణాలు మాత్రం చాలా. జ్వరం లాంటిదన్నమాట. అందుకే భాగాలు మార్చుకుంటూ పోవడం కాకుండా, ఒక్కో అనుమానితుణ్ని పక్కకి తప్పించుకుంటూ వెళ్లాలి. అదెలాగో ఈమధ్య మా ఇంట్లోనే జరిగిన ఒక కేసుతో చెప్తాను.

కేసు ఏంటంటే

మా బావగారికి తెనాలిలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే షాపు ఉంది. నాలుగేళ్ల నాటి డెస్క్‌టాప్. విండోస్, ఫోటోషాప్ 500 జీబీ సాటా ఎస్ఎస్‌డీ మీద ఉంటాయి. ఫోటోలన్నీ 2 టీబీ హార్డ్ డిస్క్‌లో. మొదట్లో 8 జీబీ ర్యామ్ ఉండేది. పని నెమ్మదిస్తోందని రెండు నెలల కిందట దగ్గర్లోని సర్వీస్ షాపులో ఇంకో 8 జీబీ వేయించారు. ఆ తర్వాత వారం నుంచి హ్యాంగ్ అవడం మొదలైంది. రోజుకి ఐదారు సార్లు.

షాపువాళ్లు ముందు విండోస్ మళ్లీ వేశారు. రెండు రోజుల్లో మళ్లీ అదే కథ. ఈసారి మదర్‌బోర్డ్ మార్చాలి, ఎనిమిది వేలు అవుతుంది అన్నారు. బావగారు నాకు ఫోన్ చేశారు. "పెళ్లిళ్ల సీజన్, నాలుగు ఆల్బమ్‌లు ఇవ్వాలి. సిస్టమ్ పోతే పోనీగానీ, ఫోటోలు పోతే నేను ఆ పెళ్లివాళ్లకి మొహం చూపించలేను" అన్నారు.

అందుకే మొదటి పని పరీక్షలు కాదు, బ్యాకప్. డిస్క్ మీద ఏమాత్రం అనుమానం ఉన్నా, దాన్ని పరీక్షల పేరుతో గంటల తరబడి తిప్పడం ప్రమాదం. చావుకి దగ్గరున్న డిస్క్ ఆ పరీక్షలోనే పూర్తిగా పోవచ్చు. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తెచ్చి ఫోటోల ఫోల్డర్లు ముందు కాపీ చేయమన్నాను. అది అయ్యాకే మిగతావి.

ఎలా ఆగుతోందో ముందు చూడండి

"హ్యాంగ్ అవుతోంది" అని అందరూ అంటారు కానీ, హ్యాంగ్‌లో రకాలున్నాయి. ఆగినప్పుడు కంగారుపడి పవర్ బటన్ నొక్కకుండా, ఒక్క రెండు నిమిషాలు ఆగి మూడు విషయాలు గమనించండి.

మొదటిది, మౌస్ బాణం కదులుతోందా? రెండోది, కీబోర్డ్‌లో Caps Lock నొక్కితే లైటు వెలిగి ఆరుతోందా? (కొన్ని వైర్‌లెస్ కీబోర్డులకి ఆ లైటే ఉండదు, అప్పుడు ఈ పరీక్ష కుదరదు.) మూడోది, రెండు నిమిషాలు వదిలేస్తే దానంతట అదే తేరుకుంటోందా?

బాణం కదలదు, లైటు మారదు, పాట వింటుంటే అదే ముక్క జీరగా సాగుతూ ఉండిపోతుంది, ఎంతసేపైనా తేరుకోదు. ఇది పూర్తిగా బిగుసుకుపోవడం. ఇలాంటప్పుడు ర్యామ్, డ్రైవర్, గ్రాఫిక్స్ కార్డ్, పవర్ సప్లై మీద అనుమానం ఎక్కువ.

బాణం హాయిగా కదులుతుంది, కానీ ఏది క్లిక్ చేసినా పలకదు. అర నిమిషమో నిమిషమో అయ్యాక ఇందాక చేసిన క్లిక్‌లన్నీ ఒకేసారి పనిచేసి విండోలన్నీ బిలబిలా తెరుచుకుంటాయి. ఇలా తేరుకునే హ్యాంగ్‌లో ప్రాసెసర్, ర్యామ్ పనిచేస్తూనే ఉన్నాయి. అవి దేనికోసమో ఎదురుచూస్తున్నాయి. చాలాసార్లు ఆ ఎదురుచూపు డిస్క్ కోసమే.

మెల్లగా మొదలై అన్నీ నత్తనడక నడుస్తుంటే వేడి గానీ, ర్యామ్ నిండిపోవడం గానీ కావచ్చు. ఒక్క ప్రోగ్రామ్ మాత్రమే ఆగి, మిగతావి బాగుంటే అది ఆ ప్రోగ్రామ్ గొడవ. స్క్రీన్ మాత్రమే ఆగిపోయి వెనక పాట సజావుగా వస్తుంటే Win + Ctrl + Shift + B నొక్కండి. విండోస్‌లో ఇది గ్రాఫిక్స్ డ్రైవర్‌ని మళ్లీ మొదలుపెడుతుంది. స్క్రీన్ ఒక్కసారి మిణుక్కుమని తిరిగి ప్రాణం పోసుకుంటే, వెతకాల్సింది గ్రాఫిక్స్ డ్రైవర్ దగ్గర.

బావగారిని ఒక కాగితం మీద హ్యాంగ్ అయిన టైమ్, అప్పుడు చేస్తున్న పని, ఎంతసేపు ఆగింది, ఈ మూడూ రాసిపెట్టమన్నాను. రెండు రోజుల్లో పదకొండు ఎంట్రీలు వచ్చాయి. ప్రతిసారీ బాణం కదిలింది. ఎనిమిదిసార్లు సుమారు అర నిమిషం తర్వాత తేరుకుంది. మూడుసార్లు తేరుకోలేదు, పవర్ బటన్‌తో ఆపారు. ఇంకో ముఖ్యమైన విషయం కూడా ఆ కాగితంలోనే ఉంది. కొన్ని హ్యాంగ్‌లు ఆల్బమ్ ఎక్స్‌పోర్ట్ చేస్తున్నప్పుడు వచ్చినా, కొన్ని పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేసి ఊరికే ఫోల్డర్ తెరిచినప్పుడు కూడా వచ్చాయి. ఇది తర్వాత పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

హ్యాంగ్ అవుతున్నప్పుడు Task Manager ఏం చెప్తుంది

Ctrl + Shift + Esc నొక్కి Task Manager ముందే తెరిచి, Performance పేజీలో Disk మీద పెట్టి ఓ పక్కన ఉంచుకోండి. హ్యాంగ్ అయ్యాక తెరుద్దామంటే అది తెరుచుకోదు.

బావగారి సిస్టమ్‌లో నేను ఆదివారం కూర్చున్న గంటకే ఒకటి దొరికింది. Active time 100 శాతం. కానీ Read speed సున్నా, Write speed కూడా సున్నా. డిస్క్ వంద శాతం బిజీ, చేస్తున్న పని మాత్రం ఏమీ లేదు. ఈ రెండూ కలిసి కనిపిస్తే అర్థం ఒక్కటే: విండోస్ డిస్క్‌ని ఏదో అడిగింది, జవాబు రావడం లేదు.

దీన్ని మామూలు "డిస్క్ 100 శాతం" సమస్యతో కలపకండి. అప్‌డేట్ దిగుతున్నప్పుడో, యాంటీవైరస్ స్కాన్ చేస్తున్నప్పుడో డిస్క్ 100 శాతం చూపిస్తూ, పక్కన స్పీడ్ కూడా కనిపిస్తుంది. అది పని ఎక్కువై నెమ్మదించడం. అప్పుడు Processes పేజీలో Disk అనే కాలమ్ మీద నొక్కితే ఎవరు వాడుకుంటున్నారో తెలిసిపోతుంది. అది సాఫ్ట్‌వేర్ లెక్క.

విండోస్ రాసుకున్న డైరీ

విండోస్ లోపల జరిగినవన్నీ ఒక లాగ్‌లో రాసుకుంటుంది. Event Viewer తెరిచి Windows Logs, అందులో System చూడొచ్చు. అక్కడ వేల ఎంట్రీలుంటాయి, ఎర్ర గుర్తులు చూసి భయపడాల్సిన పనిలేదు, బాగున్న కంప్యూటర్‌లోనూ ఉంటాయి. మనకి కావాల్సినవి కొన్నే. PowerShell తెరిచి ఇది టైప్ చేస్తే గత వారానివి మాత్రం వస్తాయి:

```
Get-WinEvent -FilterHashtable @{
  LogName='System'
  Id=7,41,129,153
  StartTime=(Get-Date).AddDays(-7)
} | Format-Table TimeCreated,ProviderName,Id
```

ఇందులో 41 అంటే Kernel-Power. చాలామంది దీన్ని చూసి "పవర్ సప్లై పోయింది" అనుకుంటారు. కాదు. కిందటిసారి కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదు అని మాత్రమే అది చెప్తుంది. మీరు పవర్ బటన్ నొక్కి ఆపినా 41 పడుతుంది, కరెంటు పోయినా పడుతుంది. అది కారణం కాదు, ఫలితం.

129 ఎంట్రీ storahci పేరుతో ఉంటే, డిస్క్ పలకకపోవడంతో విండోస్ దాన్ని రీసెట్ చేసిందని అర్థం. ఎంట్రీ తెరిస్తే "Reset to device, \Device\RaidPort0, was issued." అని ఉంటుంది. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ అయితే అదే ఎంట్రీ stornvme పేరుతో వస్తుంది. 153 ఎంట్రీ disk పేరుతో ఉంటే, ఒక రీడ్ లేదా రైట్‌ని మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చిందని. disk పేరుతో 7 ఉంటే డిస్క్ మీద చెడిపోయిన చోటు ఉందని.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ నంబర్లు ఒక్కరి సొత్తు కాదు. Time-Service కూడా 129 వాడుతుంది, Kernel-Boot కూడా 153 వాడుతుంది, వాటికి డిస్క్‌తో ఏ సంబంధమూ లేదు. అందుకే నంబర్ పక్కన ProviderName ఏముందో చూడకుండా నిర్ణయానికి రావద్దు.

బావగారి లాగ్‌లో storahci పేరుతో 129లు కుప్పలుగా ఉన్నాయి. వాటి టైమ్‌లు తీసి కాగితం పక్కన పెట్టాను. తేరుకున్న ఎనిమిది హ్యాంగ్‌లకీ సరిగ్గా ఆ నిమిషంలోనే 129 ఉంది. తేరుకోని మూడింటికి మాత్రం ఏమీ లేదు, తర్వాత ఆన్ చేసినప్పుడు పడిన 41 తప్ప.

ఈ ఖాళీ చూసి మోసపోకండి. లాగ్ ఉండేది కూడా విండోస్ ఉన్న ఆ ఎస్ఎస్‌డీ మీదే. ఎస్ఎస్‌డీ పలకడమే మానేస్తే, "ఎస్ఎస్‌డీ పలకడం లేదు" అని విండోస్ ఎక్కడ రాస్తుంది? కాబట్టి లాగ్‌లో డిస్క్ తప్పు కనిపిస్తే అది సాక్ష్యం. కనిపించకపోతే డిస్క్ మంచిదని మాత్రం కాదు.

సాఫ్ట్‌వేర్ కాదని ఎలా తెలుసుకోవాలి

విండోస్ మళ్లీ వేసినా అదే సమస్య వచ్చిందంటే సాఫ్ట్‌వేర్ మీద అనుమానం చాలావరకు తగ్గుతుంది. కానీ ఆ తర్వాత పాత డ్రైవర్లు, అదే యాంటీవైరస్, అవే ప్రోగ్రామ్‌లు మళ్లీ వేసుంటే పూర్తిగా పోదు. విండోస్ మళ్లీ వేయడం కన్నా తేలికైన దారి ఉంది. msconfig తెరిచి Services పేజీలో Hide all Microsoft services టిక్ పెట్టి, మిగతావన్నీ ఆపి, రీస్టార్ట్ చేసి ఒకట్రెండు రోజులు వాడి చూడటం. హ్యాంగ్‌లు ఆగిపోతే, ఆపినవాటిని సగం సగంగా తిరిగి ఆన్ చేసుకుంటూ వెళ్తే దొంగ దొరుకుతాడు.

ఇంకో దారి, యూఎస్‌బీ నుంచి లైనక్స్ నడపడం. ఉబుంటు లాంటిది పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా, దాన్నుంచే నడిపి రెండు మూడు గంటలు వాడితే, విండోస్ అసలు ఆటలోనే లేదు. అక్కడ కూడా హ్యాంగ్ అయితే హార్డ్‌వేర్ మీదే చూపు పెట్టొచ్చు.

కానీ అక్కడ హ్యాంగ్ కాకపోతే? చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. సర్వీస్ షాపువాళ్లూ ఇదే చేశారు. లైనక్స్‌లో సాయంత్రం దాకా నడిపి, ఒక్కసారీ ఆగలేదు కాబట్టి తప్పు విండోస్‌దే అనుకుని, విండోస్ మళ్లీ వేశారు. ఆలోచించండి: పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లైనక్స్ మీ ఎస్ఎస్‌డీని ముట్టుకోదు. కాబట్టి అక్కడ బాగా నడిచిందంటే తప్పు విండోస్‌ది కావచ్చు, ఎస్ఎస్‌డీ వైపుది కూడా కావచ్చు. ఆ పరీక్ష మంచిదని చెప్పింది ప్రాసెసర్, ర్యామ్, మదర్‌బోర్డ్ గురించి. షాపువాళ్లు తమ చేతిలో ఉన్న సాక్ష్యాన్నే తిరగేసి చదివి, చివరికి మదర్‌బోర్డ్ మీదికే వెళ్లారు.

వేడి సంగతి

తెనాలి ఎండలు, షాపులో ఏసీ లేదు, క్యాబినెట్ మూత తీస్తే ఫ్యాన్ మీద దుమ్ము దుప్పటిలా ఉంది. HWiNFO పెట్టి చూస్తే ఊరికే ఉన్నప్పుడు ప్రాసెసర్ 52 డిగ్రీలు, ఆల్బమ్ ఎక్స్‌పోర్ట్ చేస్తుంటే 91. "అదిగో, వేడే!" అన్నారు బావగారు. ఎవరైనా అలాగే అంటారు.

కానీ వేడికి ప్రాసెసర్ ఎలా స్పందిస్తుందో చూడండి. హద్దు దగ్గరికి వచ్చేసరికి (చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకి అది 100 డిగ్రీల చుట్టూ ఉంటుంది) అది ముందు తన వేగం తగ్గించుకుంటుంది. అంటే పని నెమ్మదిస్తుంది. అప్పటికీ వేడి తగ్గకపోతే కంప్యూటర్ టక్కున ఆగిపోతుంది, స్క్రీన్ నల్లబడుతుంది. అర నిమిషం ఆగి మళ్లీ మామూలుగా పనిచేయడం ప్రాసెసర్ వేడి లక్షణం కాదు.

పైగా కాగితం ఉందిగా. పొద్దున్నే ఫోల్డర్ తెరిచినప్పుడు కూడా ఆగింది. అప్పుడు ప్రాసెసర్ చల్లగానే ఉంటుంది. వేడే కారణమైతే హ్యాంగ్‌లన్నీ మధ్యాహ్నం పూట, బరువు పని చేస్తున్నప్పుడు గుంపుగా రావాలి. అయినా దుమ్ము దులిపాం, కొత్త థర్మల్ పేస్ట్ రాశాం. ఎక్స్‌పోర్ట్‌లో 91 కాస్తా 78కి దిగింది. హ్యాంగ్‌లు అలాగే వచ్చాయి. వెతుకుతుంటే దొరికిన తప్పు నిజమైన తప్పే కావచ్చు, మనం వెతుకుతున్నది మాత్రం అదే కానక్కర్లేదు.

మీ కేసులో వేడి మీద అనుమానం బలంగా ఉంటే ఖర్చులేని పరీక్ష ఒకటుంది. క్యాబినెట్ పక్క మూత తీసి, టేబుల్ ఫ్యాన్ లోపలికి తిప్పి పెట్టి, అదే పని చేయండి. హ్యాంగ్‌లు ఆగిపోతే, వెతకాల్సింది ఫ్యాన్లలో, దుమ్ములో, థర్మల్ పేస్ట్‌లో.

ర్యామ్ సంగతి

బావగారి అసలు అనుమానం దీని మీదే. "ర్యామ్ వేయించినప్పటి నుంచే కదా మొదలైంది!" మాట నిజమే. తేలిగ్గా కొట్టేయలేం.

ర్యామ్ చెడితే కనిపించే గుర్తు ఏంటంటే, దానికి ఒక పద్ధతి ఉండదు. ఒకసారి పూర్తిగా బిగుసుకుపోతుంది, ఒకసారి బ్లూ స్క్రీన్, అదీ ప్రతిసారీ వేరే కోడ్‌తో. ఒకసారి బ్రౌజర్ కూలిపోతుంది, ఇంకోసారి కాపీ చేసిన జిప్ ఫైల్ తెరుచుకోదు. తప్పు సమాచారం ర్యామ్‌లో ఏ చోట పడితే ఆ చోట ఉన్న ప్రోగ్రామ్ దెబ్బతింటుంది కాబట్టి అలా ఉంటుంది. బావగారికి ఒక్క బ్లూ స్క్రీన్ కూడా రాలేదు. ప్రతిసారీ ఒకే తీరు.

అయినా రాత్రి సిస్టమ్ ఖాళీగానే ఉంటుంది కదా, MemTest86 పెన్‌డ్రైవ్‌లో వేసి శనివారం రాత్రంతా నడపమన్నాను. 16 జీబీకి నాలుగు పాస్‌లు అవడానికి గంటలు పడుతుంది. ఒక పాస్ చూసి ఆపేయొద్దు, కొన్ని తప్పులు ర్యామ్ బాగా వేడెక్కాకే బయటపడతాయి. ఫలితం చదవడం తేలిక: తప్పుల సంఖ్య సున్నా ఉండాలి. "ఒక్కటేగా" అనుకోవద్దు, ఒక్క తప్పు వచ్చినా ఆ ర్యామ్ నమ్మదగింది కాదు. వస్తే ఒక్కో ర్యామ్ విడిగా పెట్టి పరీక్షించాలి. బయాస్‌లో XMP ఆన్ చేసి ఉంటే అది ఆపి మరోసారి చూడాలి, ఎందుకంటే రెండు వేర్వేరు రకాల ర్యామ్‌లు మామూలు వేగంలో కలిసి నడిచి, పెంచిన వేగంలో తడబడొచ్చు.

విండోస్‌లోనే ఉన్న mdsched కూడా వాడొచ్చు. తప్పు పట్టిందంటే నమ్మండి, ఏమీ లేదంది కదా అని అంతగా నమ్మకండి.

పొద్దున్న చూస్తే నాలుగు పాస్‌లు, సున్నా తప్పులు. కొత్త ర్యామ్ తీసేసి ఒక పూట నడిపినా రెండుసార్లు హ్యాంగ్ అయింది. ర్యామ్ నిర్దోషి. మరి అది వేసినప్పటి నుంచే ఎందుకు మొదలైంది? జవాబు క్యాబినెట్‌లోనే ఉంది.

డిస్క్‌ని ప్రశ్నించడం

ప్రతి డిస్కూ తన ఆరోగ్యం గురించి లోపల లెక్కలు రాసుకుంటుంది. CrystalDiskInfo పెడితే అవి కనిపిస్తాయి. పైన Good అని ఉంటే చాలామంది మూసేస్తారు. బావగారి ఎస్ఎస్‌డీకీ Good అనే ఉంది. చూడాల్సింది కింద ఉన్న వరసల్లో.

హార్డ్ డిస్క్ అయితే 05, C5, C6 చూడండి. 05 అంటే చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్లు, C5 అంటే చదవలేక అనుమానంలో ఉంచినవి. C5 సున్నా కాకుండా ఉంటే, డిస్క్ ఆ చోటుని మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తూ కంప్యూటర్‌ని ఆపేస్తుంది. ప్రత్యేకంగా కొన్ని ఫైళ్లు తెరిస్తేనే ఆగుతోందంటే ఇదే కావచ్చు. వెంటనే ఫైళ్లు బయటికి తీసుకోండి. ఆ పని అయ్యేదాకా chkdsk /r నడపొద్దు, అది బలహీనమైన డిస్క్‌ని మొదలు నుంచి చివరి దాకా చదివిస్తుంది.

సాటా డిస్క్ ఏదైనా సరే, ఎక్కువమంది పట్టించుకోని వరస C7. డిస్క్‌కీ మదర్‌బోర్డ్‌కీ మధ్య సమాచారం వెళ్లేటప్పుడు దారిలో పాడైందా అని రెండు వైపులా సరిచూసుకుంటాయి. సరిపోకపోతే C7 ఒకటి పెరుగుతుంది, మళ్లీ పంపమని అడుగుతాయి. అంటే C7 పెరుగుతోందంటే తప్పు ముఖ్యంగా దారిలో ఉంది: కేబుల్, దాని కొనలు, లేదా పోర్ట్. (అన్ని ఎస్ఎస్‌డీలూ ఈ వరస చూపించవు.)

రెండు మెళకువలు. సాఫ్ట్‌వేర్ ఈ అంకెల్ని హెక్సాలో చూపిస్తుంది. Function, Advanced Feature, Raw Values లో 10 [DEC] ఎంచుకుంటే మామూలు అంకెలు వస్తాయి. రెండోది, C7 ఎప్పటికీ తగ్గదు. మూడేళ్ల కిందటి తప్పులూ అందులోనే ఉంటాయి. కాబట్టి ఎంత ఉంది అన్నది కాదు, పెరుగుతోందా అన్నదే ప్రశ్న.

ఆదివారం పొద్దున C7 లో 214. సాయంత్రానికి, నాలుగు హ్యాంగ్‌ల తర్వాత, 239. హార్డ్ డిస్క్‌కి మాత్రం సున్నా. ఎస్ఎస్‌డీ మిగతా వరసలన్నీ శుభ్రం.

క్యాబినెట్‌లో టార్చ్ వేసి చూశాం. ఎస్ఎస్‌డీ నుంచి వచ్చే సాటా కేబుల్ ర్యామ్ స్లాట్ల పక్కనుంచే వెళ్తోంది. రెండో ర్యామ్ పెట్టడానికి చేయి దూర్చినప్పుడు దాన్ని పక్కకి తోసేసి ఉంటారు. మదర్‌బోర్డ్ దగ్గర కొన వంకరగా, సగం ఊడినట్టు ఉంది. దానికి క్లిప్పు కూడా లేదు. కేబుల్ మధ్యలో గట్టిగా మడత పడింది. ర్యామ్ వేసిన రోజుకీ హ్యాంగ్‌లకీ సంబంధం ఉంది, కానీ ర్యామ్ వల్ల కాదు. అది వేసిన చేయి వల్ల.

ఎస్ఎస్‌డీ కేబుల్‌ని, హార్డ్ డిస్క్ కేబుల్‌ని ఒకదానికొకటి మార్చి చూసే దారి కూడా ఉంది. తప్పు కేబుల్‌తో పాటు అటు వెళ్తే కేబులే దొంగ. కానీ చెడ్డ కేబుల్‌ని పెళ్లి ఫోటోలున్న డిస్క్‌కి పెట్టడం నాకు ఇష్టం లేదు. నూటయాభై రూపాయలకి క్లిప్పు ఉన్న కొత్త కేబుల్ తెచ్చి, అదే పోర్ట్‌లో పెట్టాం. ఇంకేమీ మార్చలేదు. పోర్ట్ కూడా ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు కదా.

తగ్గిందని ఎప్పుడు అనుకోవాలి

మర్నాడు సాయంత్రం బావగారు ఫోన్ చేసి "ఒక్కసారీ ఆగలేదు" అన్నారు. రోజుకి ఐదారుసార్లు ఆగేది ఒక రోజంతా ఆగలేదంటే మంచి గుర్తే. అదే వారానికి ఒకసారి ఆగే కంప్యూటర్ అయితే ఒక రోజు బాగుండటానికి అర్థమే లేదు. నేను పాటించే లెక్క ఇది: మామూలుగా రెండు హ్యాంగ్‌ల మధ్య ఎంత ఎడం ఉంటుందో దానికి కనీసం మూడు రెట్ల కాలం ఆగకుండా నడవాలి. రెండు రోజులకోసారి ఆగేదైతే ఆరు రోజులు చూడాలి. అప్పటిదాకా ఇంకో భాగం మార్చొద్దు, గెలిచామని కూడా అనుకోవద్దు.

బావగారి సిస్టమ్‌లో రెండు వారాలు చూశాం. storahci పేరుతో ఒక్క 129 కూడా పడలేదు. C7 అదే 239 దగ్గర నిలిచిపోయింది. హ్యాంగ్ కాకపోవడం కన్నా ఆ అంకె కదలకపోవడమే నాకు గట్టి రుజువు.

కేబుల్ మార్చినా తగ్గకపోతే

C7 ఇంకా పెరుగుతుంటే మదర్‌బోర్డ్ మీద వేరే సాటా పోర్ట్‌కి మార్చండి. C7 ఆగిపోయి 129లు మాత్రం వస్తుంటే ఎస్ఎస్‌డీకి వచ్చే పవర్ కనెక్టర్ వేరేది పెట్టి చూడండి, ఎస్ఎస్‌డీ కంపెనీ ఇచ్చే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూడండి. అదీ అయ్యాక మిగిలేది ఎస్ఎస్‌డీయే. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీకి కేబుల్ ఉండదు, C7 కూడా ఉండదు. అక్కడ స్క్రూ విప్పి, తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టడం, దాని వేడి చూడటం, ఫర్మ్‌వేర్, ఇదే వరస.

లాగ్‌లో ఏమీ లేకుండా, బాణం కూడా కదలకుండా పూర్తిగా బిగుసుకుపోయే రకం అన్నిటికన్నా కష్టం. ర్యామ్ పరీక్ష, డ్రైవర్లు, వేడి అన్నీ బాగున్నా ఆగుతుంటే పవర్ సప్లై, ఆ తర్వాత మదర్‌బోర్డ్ మిగులుతాయి. వీటిని ఇంట్లో సాఫ్ట్‌వేర్‌తో తేల్చలేం. తెలిసినవాళ్ల దగ్గర బాగున్న పవర్ సప్లై తెచ్చి కొన్ని రోజులు పెట్టి చూడాల్సిందే. మదర్‌బోర్డ్ అనే మాట రావాల్సింది అక్కడ, అందరినీ ప్రశ్నించాక. మొదటి రోజే కాదు.

బావగారు ఆ పాత కేబుల్‌ని పారేయలేదు. షాపులో మానిటర్ పక్కన మేకుకి తగిలించారు. ఎనిమిది వేలు అడిగినవాళ్లు ఈసారి వస్తే చూపిస్తారట.